వారం మధ్యలో గేమ్ టైమ్: మా అబ్బాయికి రాసిన ఉత్తరం, ఇచ్చేముందు ఒకసారి చూసి చెప్పండి

గాజువాక అమ్మ · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా బాబు తొమ్మిదో తరగతి, పాప ఆరు. మావారు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు. బి షిఫ్ట్ వారంలో మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కితే మళ్ళీ ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటుతుంది. అంటే రాత్రి గొడవ అంతా నా ఒక్కదాని నెత్తినే. వాడు ఆడేది బీజీఎంఐ, ఫోన్‌లో టీమ్‌లుగా కాల్చుకునే ఆట. తొమ్మిదయింది ఆపరా అంటే "అమ్మా, మధ్యలో ఉన్నాను", పావుగంట తర్వాత అడిగితే "అమ్మా, చివరి జోన్". ఫోన్ లాక్కుంటే ఆ రాత్రి అన్నం దగ్గర మాటలుండవు. అందుకని నోటితో చెప్పడం మానేసి కాగితం మీద పెడదామని కూర్చున్నాను. ఇదీ డ్రాఫ్ట్:

"నాన్నా, రోజూ అరుచుకోవడం నీకూ ఇష్టం లేదు, నాకూ లేదు. ఇకమీదట సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి 8 నుంచి 8:45 వరకు గేమ్ ఆడుకో. 8:45కి ఫోన్ నా చేతికి రావాలి. ఒక్క నిమిషం దాటినా మర్నాడు గేమ్ లేదు. యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే ఆ నెలంతా లేదు. చెల్లి అన్నాలయ్యాక కంచాలు తీస్తుంది, గచ్చు తుడుస్తుంది, బట్టలు మడతపెడుతుంది. నువ్వు కూడా ఇంట్లో కాస్త చేతికి అందిరావాలి. గేమ్‌లో ఖర్చుపెట్టే ఆ యూసీ కొనడానికి నాన్న ఫోన్ ముట్టుకోకూడదు. ఇష్టమైతే కింద సంతకం పెట్టు."

కఠినంగా ఉందా, మెత్తగా ఉందా చెప్పండి.

పెందుర్తి ప్రసాద్ · 9:31

ఉత్తరాలెందుకండీ, ఫోన్‌లో ఫ్యామిలీ లింక్ పెట్టేయండి. మా గుంటడికి అదే పెట్టాను. టైమ్ అయిపోగానే ఫోన్ దానంతటదే లాక్ అయిపోతుంది, మనం అరవక్కర్లేదు. అయినా పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి గవర్నమెంటే రోజుకి మూడు గంటలు అని రూల్ పెట్టింది కదా, బీజీఎంఐ దానికదే ఆగిపోవాలి.

బీచ్‌రోడ్ బాబాయ్ · 9:40

అసలు ఆన్‌లైన్ గేమ్స్ అన్నీ బ్యాన్ చేశారు కదమ్మా పార్లమెంటులో! మన ఆంధ్రాలో అయితే 2020లోనే ఆపేశారు. మా ఆఫీసులో ఒకతను రమ్మీలో స్కూటర్ అమ్ముకున్నాడు. మీ అబ్బాయి దగ్గర ఆ యాప్ ఎలా ఉంది? ముందు అది చూడండి.

హెడ్‌షాట్ హరి · 9:52

బాబాయ్ గారూ, అది డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి. 2020లో మన రాష్ట్రం ఆపింది రమ్మీ, పోకర్ లాంటివి. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం కూడా డబ్బు పందెం ఉన్న ఆటల మీదే. బీజీఎంఐలో పందెం లేదు. తుపాకీ బొమ్మలకి రంగులు వేసుకోవడానికి డబ్బు తగలేస్తారు, అది వేరే జబ్బు.

ప్రసాద్ గారూ, ఆ మూడు గంటలు సగం నిజం. గేమ్‌ని 2022లో ఆపి 2023 మేలో మళ్ళీ వదిలినప్పుడు మైనర్లకి మూడు గంటలు, పెద్దవాళ్లకి ఆరు గంటలు అని పెట్టారు. కానీ అకౌంట్‌లో ఇచ్చిన వయసు పెద్దవాళ్లదైతే ఆడేది పద్నాలుగేళ్లవాడని గేమ్‌కి ఎలా తెలుస్తుంది? అయినా స్కూలున్న రోజు మూడు గంటలంటే ఆంటీ గొడవ తీరినట్టేనా.

ఇక ఆంటీ డ్రాఫ్ట్. నాకు ఇరవై, మధురవాడలో ఇంజనీరింగ్. వాడి వయసులో నేనూ ఇదే తన్నులు తిన్నాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను. ఆ 45 నిమిషాలు అన్నిటికంటే చెడ్డ లెక్క. ఎరంగెల్ మ్యాప్‌లో క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా బతికితే ఇంచుమించు అరగంట. ముందు లాబీలో అందరూ రెడీ కొట్టేదాకా రెండు మూడు నిమిషాలు. అంటే 8కి మొదలుపెడితే 8:33కి ఒకటి అయింది. ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ఏ పిల్లాడూ ఆ పన్నెండు నిమిషాలు వదలడు, రెండోది మొదలుపెడతాడు. 8:45కి మీరు వెళ్లేసరికి వాడు సరిగ్గా మ్యాచ్ మధ్యలో ఉంటాడు. మీ రూలే వాణ్ణి అక్కడ నిలబెట్టింది.

గాజువాక అమ్మ · 10:05

మధ్యలో ఆపితే ఏమవుతుంది హరీ? సేవ్ చేసుకుని రేపు ఆడొచ్చు కదా.

హెడ్‌షాట్ హరి · 10:14

ఇందులో పాజ్ ఉండదు ఆంటీ. నలుగురు టీమ్, అవతల ఇంకా చాలామంది అదే మ్యాచ్‌లో. మీరు ఫోన్ తీసుకుంటే వాడి బొమ్మ అక్కడే దిమ్మలా నిలబడి ఉంటుంది, ఎవడో వచ్చి కాల్చి పోతాడు. ర్యాంక్ పాయింట్లు పోతాయి. అది పెద్ద విషయం కాదు. మిగతా ముగ్గురూ వాడి క్లాస్‌వాళ్లే అయ్యుంటారు. రెండుసార్లు అలా వదిలేస్తే మూడోసారి స్క్వాడ్‌లోకి పిలవరు, నాలుగోవాణ్ణి వెతుక్కుంటారు. మర్నాడు బస్సులో "మీ అమ్మ వచ్చేసిందా?" అని అడుగుతారు. పిల్లాడు ఏడ్చేది దాని గురించి.

లాక్ యాప్ కూడా అదే పని చేస్తుంది ప్రసాద్ గారూ. టైమ్ అయిపోతోందని ముందు చెప్తుంది గానీ, మ్యాచ్ ఎక్కడుందో దానికి తెలియదు కదా.

కాబట్టి "ఎప్పుడు ఆపాలి" అని రాయకండి. "ఎప్పటి తర్వాత కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు" అని రాయండి. మొదలుపెట్టే ముందు ఎవడైనా ఆగగలడు, మధ్యలో మాత్రం ఎవడూ ఆగలేడు. టీడీఎం అని రెండు టీమ్‌లే ఆడే చిన్న మ్యాచ్ అయితే పది నిమిషాల్లోపే అయిపోతుంది, దానికి వేరే టైమ్.

మాస్టారు · 10:37

ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లవాడితో తల్లి ఒప్పందం రాసుకోవడం ఏమిటమ్మా? పిలిచి కూర్చోబెట్టి, ఇంతసేపు ఆడు, ఇంతసేపు చదువు అని చెప్పండి. వినకపోతే ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేయండి. మన పెంపకాలకి సంతకాలున్నాయా? వాడు రేపు కోర్టుకి వెళ్తాడు.

సి షిఫ్ట్ · 11:02

మాస్టారు గారూ, తాళం నేనూ వేశాను. కూర్మన్నపాలెం మాది. మా పెద్దోడు ఏం చేశాడో తెలుసా, వాడి ఫ్రెండ్ పాత ఫోన్ నూట యాభై రూపాయలకి వారం అద్దెకి తెచ్చుకున్నాడు. నేను సి షిఫ్ట్‌కి రాత్రి పదికి వెళ్తాను, పొద్దున్న ఆరుకి దిగుతాను. మా ఆవిడ పడుకుంటుంది. ఇక వాడిదే రాజ్యం. వైఫై రౌటర్ ఆపేసి పోయేవాణ్ణి. వాడి సిమ్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ ఉందన్న సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడు వాడు ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉన్నాడు. అక్కడ ఫోన్లు తీసేసుకుంటారు. సెలవులకి వస్తే మూడు రోజులు నిద్రపోడు, ఆడుతూనే ఉంటాడు. దీనికేమైనా మందుందా ఎవరైనా చెప్పండి.

వాణి, ఎంవీపీ కాలనీ · ఆదివారం ఉదయం 7:20

నేను స్కూల్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఇలాంటి కాగితాలు చాలా చూశాను. నెల తిరక్కుండానే చిరిగినవీ, రెండేళ్లు నడిచినవీ రెండూ ఉన్నాయి. గాజువాక అమ్మగారి డ్రాఫ్ట్ మీద రెండు మూడు మాటలు.

హరి చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. "ఆఖరి మ్యాచ్ మొదలుపెట్టే వేళ" అన్నది ఒక్కటి మారిస్తే సగం గొడవ పోతుంది. నేను దానికి ఇంకొకటి కలుపుతాను. మీరు వారానికి ఇస్తున్నది అయిదు నలభై అయిదులు, అంటే 225 నిమిషాలు. దాన్ని అయిదు ముక్కలు చేయడం వల్ల వారానికి అయిదుసార్లు ఆపించాలి. గొడవ ఆడేటప్పుడు రాదు కదా, ఆపేటప్పుడే వస్తుంది. అదే మూడు రోజులు ఎనభై నిమిషాల చొప్పున ఇవ్వండి. మొత్తం 240 అవుతుంది, వాడికి పావుగంట లాభం. మీకు ఆపించాల్సినవి అయిదు నుంచి మూడుకి తగ్గాయి, రెండు రాత్రులు ఫోన్ ఊసే లేదు. ఎనభై నిమిషాల్లో రెండు పూర్తి క్లాసిక్‌లు తీరిగ్గా పడతాయి.

ఏ మూడు రోజులు, ఏ టైమ్ అన్నది మాత్రం వాణ్ణే అడగండి. మీరు సాయంత్రం అయిదుకి ఇస్తే పనికిరాదు, వాడి స్క్వాడ్ అప్పుడు ట్యూషన్లలో ఉంటుంది. ఒంటరిగా ఆడించడం వాడికి ఇచ్చినట్టు లెక్క కాదు.

మూడోది మార్కులు. గేమ్ టైమ్‌ని మార్కులకి ముడిపెట్టకండి. మార్కులు ఆరు వారాలకోసారి వస్తాయి, రూల్ ప్రతి రాత్రి అమలవుతుంది. ఎప్పుడో రాసిన పరీక్షకి ఈ రాత్రి శిక్ష పడితే వాడికి కాగితం మీద నమ్మకం పోతుంది. హోమ్‌వర్క్ అయ్యాకే గేమ్ అని పెట్టండి, అది ఆ రోజే తేలిపోతుంది.

సి షిఫ్ట్ గారూ, మీ విషయం వేరుగా మాట్లాడాలి. కింద రాస్తాను.

పెందుర్తి ప్రసాద్ · 7:48

వాణి మేడమ్, డబ్ల్యూహెచ్‌వో వాళ్లు దీన్ని జబ్బు అన్నారు కదా. రోజుకి రెండు గంటలు దాటితే అడిక్షన్ అని ఎక్కడో చదివాను. మరి ఎనభై నిమిషాలు అంటే అంచు దాకా వచ్చేసినట్టే కదా?

వాణి, ఎంవీపీ కాలనీ · 8:30

జబ్బుల పట్టికలో పెట్టింది నిజమే. 2019లో ఒప్పుకున్నారు, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ అందులో గంటల లెక్క ఎక్కడా లేదండీ. వాళ్లు చూసేవి మూడు: ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకి రావడం, నష్టం కళ్లముందు కనబడుతున్నా సాగించడం. అదీ సాధారణంగా ఏడాదిపాటు, చదువు, ఇల్లు, స్నేహాలు దెబ్బతినేంతగా ఉంటే. రోజూ రెండు గంటలు ఆడి, టీమ్‌కి క్రికెట్ ఆడి, నవ్వుతూ అన్నం తినే పిల్లాడు ఆ లెక్కలోకి రాడు. గంటే ఆడినా, దాని కోసం అబద్ధాలాడుతూ, క్లాసులో నిద్రపోతూ, ఇంతకుముందు ప్రాణం పెట్టిన ఆటలు మానేసినవాడి విషయంలో నేను జాగ్రత్త పడతాను.

సి షిఫ్ట్ గారూ, హాస్టల్లో నెలల తరబడి లేకుండా ఉండి, వచ్చాక మూడు రోజులు నిద్ర మానేశాడంటే దాన్ని వెంటనే జబ్బు అనలేం. అన్నం పెట్టక పెట్టక ఒక్కసారి విస్తరి వేసినట్టుంది అది. నాలుగో రోజు నుంచి ఎలా ఉంటాడో చూడండి. మామూలుగా కలిసిపోతే సరే. అలా కాకుండా కోపం, ఏడుపు, ఎవరితోనూ మాట్లాడకపోవడం ఉంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, లేదా టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మొహమాటం వద్దు.

అరుణ, సీతమ్మధార · 11:15

అందరూ మ్యాచ్ నిమిషాల మీదే పడ్డారు. ఆ ఉత్తరంలో ఇంకో పేరా ఉంది, ఎవరికీ కనబడలేదా? ఆరో తరగతి పాప కంచాలు తీస్తుంది, గచ్చు తుడుస్తుంది, బట్టలు మడతపెడుతుంది. తొమ్మిదో తరగతి బాబు "కాస్త చేతికి అందిరావాలి". ఆ పిల్ల పనులకి పేర్లున్నాయి, వాడి పనికి పేరు లేదు. పేరు లేని పని ఎవరూ చేయరు. పైగా రాత్రి ఎనిమిదింటికి వాడు ఆడే టైమ్‌లోనే కదా ఆ పిల్ల గచ్చు తుడిచేది? రేపు పాప అడుగుతుంది, "నా గేమ్ టైమ్ ఎంతమ్మా?" అని. ఏం చెప్తారు?

మా ఇంట్లో మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం, ఒక్క తమ్ముడు. ఇంతకంటే చెప్పను.

గాజువాక అమ్మ · 1:50

అరుణ గారూ, మీ మాట చదివాక పాపని అడిగాను. "అన్నయ్య చెత్తబండికి చెత్త వేస్తే నేను కంచాలు తీస్తాను" అంది. అంటే మనసులో ఎప్పటినుంచో పెట్టుకుంది. పొద్దున్న ఆరున్నరకి బండి పాట వినపడితే మూడో అంతస్తు నుంచి ఆ రెండు డబ్బాలు పట్టుకుని దిగాలి, అదే దానికి అసలు నచ్చదు. ఇన్నాళ్లూ నేను దిగుతున్నాను.

బాబుతో కూడా కూర్చున్నాను. హరి చెప్పినట్టు మ్యాచ్ సంగతి అడగ్గానే వాడి మొహం మారింది. "నీకెలా తెలుసు ఎరంగెల్?" అన్నాడు! తర్వాత వాడి షరతులు వాడు రాసుకొచ్చాడు, నోట్‌బుక్‌లో చివరి పేజీ చింపి. చేతిలోంచి ఫోన్ లాక్కోకూడదు. మైక్ ఆన్‌లో ఉన్నప్పుడు తిట్టకూడదు, టీమ్ మొత్తానికి వినబడుతుంది. ఆఖరి మ్యాచ్‌కి పది నిమిషాల ముందు ఒక్కసారి చెప్తే చాలు, అయిదుసార్లు వద్దు. అన్నం దగ్గర నాన్న రీల్స్ చూడకూడదు. చివరిది చదివి మావారు గట్టిగా నవ్వారు, తర్వాత నవ్వు ఆగింది.

హెడ్‌షాట్ హరి · 2:20

మైక్ పాయింట్ వాడు భలే పెట్టాడు. నా హయాంలో మా నాన్న మాటలు స్క్వాడ్‌లో డైలాగులైపోయాయి.

ఆంటీ, ఇంకొకటి రాసుకోండి. వాడు చచ్చిపోయాక టీమ్‌వాళ్లు ఇంకా బతికుంటే, వాళ్ల ఆట చూస్తూ కూర్చుంటాడు. మీరు వెళ్తే "నేను ఆడట్లేదమ్మా, చూస్తున్నాను" అంటాడు. అది అబద్ధం కాదు, కానీ టైమ్ మాత్రం అవుతుంది. చూడటం కూడా ఆటలోకే వస్తుందని ముందే రాసేస్తే వాదన ఉండదు. ఓడిపోయిన రోజునే "ఇంకొక్కటి" అని పీకుతుంది, గెలిచిన రోజు కాదు. ఆ రోజు గొడవపడకుండా గడియారం వైపు చూపించండి.

సి షిఫ్ట్ · 3:05

అంతా బాగుంది గానీ, మీవారు బి షిఫ్ట్‌లో ఉంటే కాపలా ఎవరు? తల్లి వంటింట్లో ఉంటే 9:00 అయిందో 9:10 అయిందో ఎవరు చూస్తారు?

వాణి, ఎంవీపీ కాలనీ · 4:40

ఎవరూ కాపలా ఉండక్కర్లేని పద్ధతి పెట్టాలి. ఫ్రిజ్ మీద క్యాలెండర్ ఉంటుంది కదా, ఆడిన రోజు గడిలో మొదలుపెట్టిన వేళ, ఆఖరి మ్యాచ్ మొదలుపెట్టిన వేళ, ముగించిన వేళ వాడే రాస్తాడు. ఆదివారం పొద్దున్న తండ్రో తల్లో వాడితో కలిసి కూర్చుని ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి ఏ యాప్ ఏ రోజు ఎంతసేపో చూడాలి. క్యాలెండర్‌లో ఎనభై, ఫోన్‌లో ఎనభై అయిదు ఉంటే మాట్లాడొద్దు. క్యాలెండర్‌లో ఏమీ లేని గురువారం ఫోన్‌లో నలభై నిమిషాలుంటే అప్పుడు అడగాలి. వాడు లేనప్పుడు చాటుగా చూడటం మాత్రం వద్దు. చాటుగా చూస్తే వాడు అద్దె ఫోన్ వెతుక్కుంటాడు, మీ అబ్బాయి చేసినట్టే.

ప్రసాద్ గారి ఫ్యామిలీ లింక్ కూడా పనికొస్తుంది, కాకపోతే వెనకాల గోడలాగా. ఆఖరి మ్యాచ్ అయిపోయి ఉండాల్సిన వేళకి ఇంకో పావుగంట కలిపి అప్పుడు లాక్ పడేలా పెట్టుకోండి. మామూలు రోజున అది వాడికి కనబడనే కనబడదు.

ఆలస్యానికి "మర్నాడు లేదు" అన్నది పెద్ద శిక్ష. అయిదు నిమిషాలకి మొత్తం పోతుందంటే, అయిదు దాటాక వాడు యాభై దాటిస్తాడు, ఎలాగూ పోయింది కదా అని. ఎన్ని నిమిషాలు దాటితే తర్వాతి ఆట రోజున ఆఖరి మ్యాచ్ వేళ అన్ని నిమిషాలు ముందుకి జరపండి, అంతే. రెట్టింపు కూడా వద్దు.

మాస్టారు · 5:25

మార్కుల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను వాణి గారూ. వచ్చే ఏడాది పదో తరగతి, మార్చిలో పబ్లిక్. నాలుగు గంటలు ఆడి లెక్కల్లో 40 తెచ్చుకుంటే అప్పుడూ క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంటామా? హోమ్‌వర్క్ చేశాను అని చూపించడం తేలిక, పక్కవాడి నోట్స్ చూసి ఎక్కించవచ్చు.

వాణి, ఎంవీపీ కాలనీ · 5:50

మార్కులు పడితే మాట్లాడాలి మాస్టారూ, తప్పదు. కానీ శిక్షగా కాదు. ఆ నెల టైమ్‌టేబుల్ మళ్ళీ వేసుకుని, అవసరమైతే ఒక రోజు తగ్గించుకుందాం అని కూర్చుంటే సరిపోతుంది. ఈ విషయంలో మా స్టాఫ్‌రూమ్‌లోనే అందరూ ఒక మాట మీద లేరు, మీరు ఒప్పుకోకపోయినా నాకేం ఆశ్చర్యం లేదు.

గాజువాక అమ్మ · ఆదివారం రాత్రి 9:05

మళ్ళీ రాశాను. మావారు, పిల్లలిద్దరూ, నేనూ కూర్చుని రాసింది. పూర్తిగా పెడుతున్నాను.

"నాన్నా,

మనం మాట్లాడుకున్నవి మర్చిపోకుండా రాస్తున్నాను. ఇందులో నీకు చెప్పినవీ ఉన్నాయి, మేం ఒప్పుకున్నవీ ఉన్నాయి.

సోమ, బుధ, శుక్రవారాలు నీ ఆట రోజులు. హోమ్‌వర్క్ అయ్యాక, అన్నం తిన్నాక, 8:15కి మొదలు. 9:00 తర్వాత క్లాసిక్ మొదలుపెట్టకూడదు. 9:15 తర్వాత టీడీఎం కూడా వద్దు. నడుస్తున్న మ్యాచ్‌ని మేం ఎవరమూ మధ్యలో ఆపించం. నువ్వు చచ్చిపోయి మిగతావాళ్ల ఆట చూడటం కూడా ఆటే. ఎంత లేటైనా 9:35కి అయిపోవాలి, 9:45కి ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టాలి, 10:15కి నిద్ర. 9:50కి ఫోన్ దానంతటదే లాక్ పడేలా పెడుతున్నాం, దాచి పెట్టలేదు, నీ ముందే పెట్టాం.

9:00కి పది నిమిషాల ముందు నేను ఒకసారి చెప్తాను, ఒక్కసారే. నీ చేతిలోంచి ఫోన్ లాక్కోను. మైక్ ఆన్‌లో ఉంటే పేరు పెట్టి పిలవను, వచ్చి భుజం తడతాను.

ఎన్ని నిమిషాలు దాటితే తర్వాతి ఆట రోజున ఆఖరి మ్యాచ్ వేళ అన్ని నిమిషాలు ముందుకి జరుగుతుంది. బుధవారం పన్నెండు నిమిషాలు దాటితే శుక్రవారం 8:48 తర్వాత క్లాసిక్ లేదు. ఒక వారంలో మూడు రోజులూ దాటితే వచ్చే సోమవారం ఆట లేదు. క్యాలెండర్ మీద వేళలు నువ్వే రాయి. ఆదివారం టిఫిన్ అయ్యాక అందరం కలిసి ఫోన్‌లో చూద్దాం. నాన్నదీ నాదీ కూడా చూద్దాం.

చెత్తబండికి డబ్బాలు దింపడం, సాయంత్రం మోటార్ వేసి ట్యాంకు నిండగానే ఆపడం, మేడ మీద బట్టలు తేవడం నీ పనులు. కంచాలు తీయడం, బట్టలు మడతపెట్టడం చెల్లివి. గచ్చు ఒక వారం నువ్వు, ఒక వారం చెల్లి. చెల్లికి కూడా మంగళ, గురువారాలు నలభై నిమిషాలు ట్యాబ్ ఉంది, అప్పుడు దాన్ని వేధించకూడదు. ఆట రోజున నీ పని మిగిలిపోతే అది అయ్యాకే ఆట, ఆ పోయిన టైమ్ వెనక్కి రాదు.

అన్నం దగ్గర ఎవరి ఫోనూ ఉండదు. నాన్నకి ప్లాంట్ నుంచి ఫోన్ వస్తే లేచి బయటికి వెళ్లి మాట్లాడతారు.

యూసీ కావాలంటే నీ పాకెట్ మనీలోంచి, అదీ నన్ను అడిగి. నాన్న ఫోన్‌లో పిన్ నొక్కకూడదు.

మూడు వారాలు చూద్దాం. ఏది కుదరలేదో నాలుగో ఆదివారం మళ్ళీ కూర్చుని మారుద్దాం.

అమ్మ, నాన్న"

వాడు అన్నిటికీ సరే అన్నాడు, ఫోన్ హాల్లో పెట్టడం ఒక్కటి తప్ప. పొద్దున్న అలారం దాంట్లోనే ఉంది, బెడ్‌రూమ్‌లోనే ఉంచుకుంటాను అంటున్నాడు. ఆ ఒక్క లైన్ పక్కన ప్రశ్నార్థకం పెట్టి మిగతాదాని కింద సంతకం చేశాడు. పాప కూడా చేసింది, దాన్ని ఎవరూ అడగలేదు.

పెందుర్తి ప్రసాద్ · 9:22

రెండు వందల రూపాయల అలారం గడియారం కొనండి మేడమ్, పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది. ఆ సాకు పోతుంది. లాక్ టైమ్ నేనూ మా గుంటడికి వెనక్కి జరిపాను ఈరోజు, వాడేటి నమ్మట్లేదు.

అరుణ, సీతమ్మధార · 9:30

పాప ట్యాబ్ టైమ్ నలభై ఎందుకు, వాడిది ఎనభై ఎందుకు? వారానికి ఎనభై, 240. వయసు తేడా అంటే ఒప్పుకుంటాను గానీ, ఆ మాట ఉత్తరంలో ఉండాలి. పాపకి తొమ్మిదో తరగతి వచ్చేసరికి దానికీ 240 అని రాయండి.

గాజువాక అమ్మ · 9:38

రాస్తాను అరుణ గారూ. నాలుగో ఆదివారం దాకా ఆగను, ఈ రాత్రే కలుపుతాను.

సి షిఫ్ట్ · 9:55

ఒక చిన్న డౌట్. మా వైపు వాన పడితే చాలు కరెంటు పోతుంది. మ్యాచ్ మధ్యలో వైఫై పోతే ఆ టైమ్ వాడికి తిరిగి ఇవ్వాలా?

హెడ్‌షాట్ హరి · 10:01

సిమ్ డేటా ఉంటుంది అంకుల్, వెంటనే మళ్ళీ కనెక్ట్ అయితే అదే మ్యాచ్‌లోకి వెళ్తాడు. డేటా కూడా లేదంటే ఆ మ్యాచ్ పోయినట్టే. ఇవ్వాలంటే ఇవ్వండి, కానీ 9:00 మాత్రం జరపకండి. ఒకసారి కరెంటు పేరు మీద జరిపితే, తర్వాత ప్రతి వారం మీ ఇంట్లో ఒక్కచోటే కరెంటు పోతుంది.

సి షిఫ్ట్ · 10:04

అదీ నిజమే. మావాడు ఫ్యూజ్ పీకే రకం.